వినోద చూసిందా?

మా ఆఫీసులో ఒక పాత చీరల అట్టముక్క ఉంది. చీర మడతలో పెట్టి అమ్మే గట్టి అట్ట, అరచేతికంటే కొంచెం వెడల్పు. పదిహేనేళ్ళుగా దాన్ని వాడుతున్నది వినోద. ఆ అట్టను చూసి నేను నవ్వినన్ని సార్లు ఇంకెవరూ నవ్వి ఉండరు. ఇవాళ ఆ నవ్వులన్నీ లెక్కేసుకుంటే నామీద నాకే ఒళ్ళు మండుతోంది.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు గోవిందరాజులు. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. సూరత్‌లో అడాజన్‌లో సొంత ఫ్లాటు. ఇంట్లో కూర్చుంటే బి.పి. పెరుగుతోందని కోర్టు దగ్గర జరీవాలా సాహెబ్ వకీలు ఆఫీసులో చేరాను. ఆయనకు గుజరాతీ కక్షిదారులకు కొదవలేదు కానీ, గోడాదరా వైపు మగ్గాల కార్మికుల్లో తెలుగువాళ్ళు ఎక్కువ. వాళ్ళతో మాట్లాడడానికి ఒక పెద్దమనిషి కావాలి. ఆ పెద్దమనిషిని నేను. ముప్పై రెండేళ్ళు రికార్డులు చూసినవాణ్ణి కదా, కాగితం విషయంలో నాకెవరూ చెప్పనక్కర్లేదనుకునేవాణ్ణి.

వినోదకు నలభై ఎనిమిదేళ్ళు. వాళ్ళ నాయన సిరిసిల్ల వైపు నుంచి మగ్గం పనికి వచ్చాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మున్సిపాలిటీ వాళ్ళ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివింది. తర్వాత చీరల మీద రాళ్ళు అంటించే పని. చీరల పెట్టెల మీది చీటీలు చదువుతూ గుజరాతీ నేర్చుకుంది. భర్త పరమేశ్ మగ్గం కార్మికుడు. ఆఫీసులో ఊడ్చి, చాయ్ పెట్టడానికి వచ్చి, జిరాక్స్ మిషన్ దగ్గరికి, అక్కణ్ణుంచి స్కానర్ దగ్గరికి చేరింది. ఇప్పుడు ఫైలు ఏదైనా ఆమె చేతిమీదుగా పోవాల్సిందే.

ఆమె పని తీరు ఇది. కంప్యూటరు తెరమీద ఒక పక్క కాగితం బొమ్మ, ఇంకో పక్క అందులోంచి మిషన్ చదివి తీసిన పేరూ తారీఖూ డబ్బు మొత్తమూ ఉంటాయి. వినోద మిషన్ చదివినదాని మీద అట్టముక్క అడ్డం పెడుతుంది. ముందు కాగితం తాను చదువుతుంది, చదివింది చీటీ మీద రాసుకుంటుంది, ఆ తర్వాతే అట్ట తీస్తుంది. రెండూ ఒకటైతే టిక్కు. కాకపోతే అసలు కాగితం తెప్పిస్తుంది.

"అట్ట ఎందుకమ్మా, రెండూ పక్కపక్కనే పెట్టుకుని చూడొచ్చుగా?" అని ఒకసారి అడిగాను.

"ముందే జవాబు చూస్తె కండ్లు గదే చదువుతయి సార్. మా నాయిన చచ్చిపోయినప్పుడు మిల్లు క్లర్కు ఏం జేసిండు? రిజిస్టర్ల మీది లైన్ల ఉన్నోని తారీఖే మా నాయినకు గూడ కొట్టిండు. నేను పక్కన నిలవడి వేలు వెట్టి చూపెట్టిన. చూసిండు. చూసి గూడ 'బరాబరే ఉన్నది' అన్నడు. ఆయన అబద్ధం ఆడలే. ఆయన కండ్లకు గట్లనే కనవడ్డది."

ఆ తారీఖు దిద్దించేసరికి వాళ్ళమ్మ పన్నెండుసార్లు మిల్లు గేటు దగ్గర నిలబడిందట. మంచి కథే అనుకున్నాను. కథ అనుకున్నాను తప్ప పాఠం అనుకోలేదు. అదే నా తప్పు.

మొన్న మే నెలలో మాకు పెద్ద కేసు వచ్చింది. గోడాదరాలో ఖాడీ, అంటే మురుగు వాగు, దాన్ని వెడల్పు చేస్తారట. ఒడ్డున ఉన్న రెండువందల పన్నెండు ఇళ్ళు తీసేస్తారు. 2005 డిసెంబరు ఆఖరుకు ముందు నుంచీ అక్కడ ఉన్నట్టు కాగితం చూపించినవాళ్ళకు వేరేచోట ఫ్లాటు ఇస్తారు. చూపించలేనివాళ్ళకు ఏమీ లేదు. జూన్ మొదటి శుక్రవారం హియరింగ్. అందరి తరఫునా జరీవాలా సాహెబే.

కాగితాలు వచ్చాయి. ఇంటి పన్ను బిల్లులు, కరెంటు బిల్లులు, రేషన్ కార్డులు. చాలావరకు జిరాక్సులకు జిరాక్సులు. కొన్ని నూనె మరకలతో, కొన్ని మడతల దగ్గర చిరిగి, కొన్ని గుజరాతీ అంకెలతో, కొన్ని ఇంగ్లీషు అంకెలతో. మొత్తం పన్నెండువందల పైచిలుకు.

మా ఆఫీసు కంప్యూటర్లు చూసేది నితిన్. బ్యాంకు ఉద్యోగి కొడుకు, ముప్పై ఏళ్ళవాడు, చురుకైనవాడు. కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చాడు. స్కాన్లన్నీ పోస్తే ఒక్క మధ్యాహ్నంలో పట్టిక తయారైంది. పేరు, ఇంటి నంబరు, తారీఖు, మొత్తం. ప్రతి గడి పక్కనా ఒక గీత. మిషన్‌కు గట్టి నమ్మకం ఉంటే పచ్చ గీత, అనుమానముంటే ఎర్ర గీత.

"రెడ్ వాటినే చూస్తే చాలు, అంకుల్. గ్రీన్ అంటే తొంభై ఎనిమిది పర్సెంట్ పక్కా," అన్నాడు నితిన్.

వినోద అట్టముక్క పట్టుకుని నిలబడింది. "పక్కా అని ఎవలు చెప్పిన్రు?"

"సాఫ్ట్‌వేరే చెప్తుంది, ఆంటీ."

"గట్లంటె, తప్పు చదివినోడే నేను మంచిగ చదివిన అంటుండు. గదేం గవాయి, గదేం సాక్ష్యం?"

నితిన్ నవ్వాడు. నేనూ నవ్వాను. సాహెబ్ మాత్రం నవ్వకుండా, "వినోదబెన్, నువ్వొక్కో ఫైలుకు పావుగంట తీసుకుంటే హియరింగ్ దీపావళికి పెట్టమని అడగాలి. నువ్వు ఎర్రవి చూడు. పచ్చవాటి మీద రాజుభాయ్ సంతకం పెడతాడు," అని తేల్చేశాడు.

వినోద ఎర్రగీతల ముందు కూర్చుంది. మొదటిరోజే నాలుగువందల నలభై కాస్తా ఎనిమిదివందల ఎనభై అయినచోట పట్టుకుంది. గుజరాతీ నాలుగు ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది, మాసిపోతే మరీను. బిల్లులో పైన ఉన్న అంకెలన్నీ కూడి, కిందిమొత్తంతో కలవలేదని పట్టుకుంది. పేర్లలో ఇంటిపేరు ముందొచ్చి, నాయన పేరు ఆఖర్న వచ్చేసరికి, మిషన్ తండ్రిని ఇంటి యజమానిని చేసినచోట్లూ పట్టుకుంది. ప్రతిసారీ లేచొచ్చి నా బల్ల దగ్గర నిలబడేది.

"సార్, ఎర్రవాట్లనే ఇన్ని ఉన్నయంటె, పచ్చవాట్ల ఎన్ని ఉన్నయో. జర వాటిని గూడ తెరిసి చూడున్రి."

"చూస్తున్నానులేమ్మా," అన్నాను.

చూడలేదు. నూట యాభై గడుల మీద ఒక్క బైఠక్‌లో "జి.ఆర్." అని పొడి అక్షరాలు పెట్టాను. తారీఖులన్నీ తారీఖుల్లానే ఉన్నాయి. పదమూడో నెల లేదు, ముప్పై రెండో తేదీ లేదు. ఇంకేం కావాలి? మధ్యలో శనగపిండి లోచో తెప్పించుకుని తిన్నాను కూడా. కొన్ని గడులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీగా ఉందంటే కాగితంలోనే లేదేమోననుకున్నాను.

పట్టిక రెండుగా చీలింది. నూట అరవై తొమ్మిది ఇళ్ళు గడువులోపలివి. నలభై మూడు గడువు దాటినవి. హియరింగ్ ఉన్న వారం, సోమవారంనాడు సాహెబ్ ఆ నలభై మూడు కుటుంబాల పేర్లు చదివించి, మీ కాగితాలు ఆలస్యమైనవి, మీ తరఫున వాదించి లాభం లేదు, ఖాళీ చేసుకోండి అని చెప్పించాడు. చదివింది నేనే. తెలుగువాళ్ళకు తెలుగులో, పెద్దమనిషి తరహాలో, మెత్తగా చెప్పాను.

బుధవారం మధ్యాహ్నం బుచ్చవ్వ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. మొగుడు మగ్గం మీదే పోయాడు, పిల్లల్లేరు, ఖాడీ ఒడ్డున ఒక గది. ఆ నలభై మూడులో ఇరవై ఆరో పేరు ఆమెది. ఆమె ఇంటి పన్ను బిల్లు తారీఖు 2-3-2009 అని పట్టికలో ఉంది. పచ్చ గీత, పక్కన జి.ఆర్.

ఆమె గొడవకు రాలేదు. బెంచీమీద కూర్చుని, "మీ కాడ నా జిరాక్సు కాగితాలున్నయట గద, ఇయ్యున్రి. ఉధనాల మా అక్క బిడ్డ నర్సవ్వ ఉన్నది, ఆడికి పోత," అంది.

వినోద ఫైలు వెతుకుతూ మామూలుగా అడిగింది. "అసలు కాగితం ఉన్నదా అవ్వా, పోయిందా?"

"ఉన్నది బిడ్డా. నీళ్ళల్ల మునిగింది గని ఉన్నది. తాపీ నది పొంగినేడు ఇంట్ల నడుము దాక నీళ్ళు. ఉట్టిమీద వెట్టిన సంచి గూడ తడిసింది. ఎండల ఆరవెట్టి దాసుకున్న."

వినోద చెయ్యి ఆగిపోయింది.

"తాపీ పొంగింది ఏ ఏడు సార్?" అని నన్ను అడిగింది.

సూరత్‌లో ఉన్నవాడికెవడికి తెలియదు! అడాజన్‌లో మా కింది అంతస్తు మొత్తం మునిగింది. "2006, ఆగస్టు," అన్నాను.

"మరి 2009ల కట్టిన బిల్లు 2006 నీళ్ళల్ల ఎట్ల మునిగింది?"

ఒక్క క్షణం, ముసలావిడ ఇంకో వాన గురించి చెబుతోందేమో అనాలనిపించింది. సిగ్గులేకపోతే సరి, అప్పటికీ నాకు ఆవిడ జ్ఞాపకం మీదే అనుమానం, పచ్చ గీత మీద కాదు.

బుచ్చవ్వ నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పి, పాలిథిన్ కవరులోంచి కాగితం తీసింది. వినోద చేతికి ఇచ్చింది గానీ ఒక కొస మాత్రం వదల్లేదు. కింది సగం అంతా మట్టిరంగు మరక, దాని పైఅంచు గీత గీసినట్టు ఉంది. మేం జిరాక్సు నుంచి తీసిన స్కాన్‌లో ఆ మరకే లేదు. కాగితాన్ని తెల్లగా శుభ్రం చేసే బటనొకటి నితిన్ నొక్కి ఉంచాడట. మరకతో పాటు సన్నటి అక్షరాలూ పోయాయి.

వినోద కిటికీ దగ్గర వెలుతురులో కాగితాన్ని పట్టి చదివింది. గుజరాతీ అంకెల్లో రెండు, మూడు, రెండువేల ఒకటి. గుజరాతీ ఒకటి చూశారా, పైన చిన్న సున్నా, కింద తోక. ఇంగ్లీషు తొమ్మిది అని ఎవరికైనా అనిపిస్తుంది. మిగతా అంకెలు, అంటే రెండూ మూడూ సున్నా, గుజరాతీలోనూ ఇంగ్లీషులోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. మిషన్ మొత్తం ఇంగ్లీషుగా చదివేసింది. ఏ అంకె దగ్గరా దానికి అనుమానం రాలేదు. అందుకే పచ్చ.

"నంబర్స్ ఇంగ్లీషులో చదవమని సెట్ చేశాను, ఆంటీ," అన్నాడు నితిన్, మొహం పాలిపోయి. "చాలా బిల్లుల్లో ఇంగ్లీషే ఉంది కదా అని."

"ఇగో, మీద చూడున్రి," అంది వినోద. బిల్లు నెత్తిన సన్నటి అక్షరాల్లో పన్ను సంవత్సరం, 2000-01. మార్చి 2001 ఆ సంవత్సరంలోకే వస్తుంది. 2009 మార్చి అయితే అక్కడ 2008-09 ఉండాలి. మా పట్టికలో ఆ గడి ఖాళీ. ఖాళీ గడి పక్కన కూడా నా జి.ఆర్. ఉంది.

వినోద నా వైపు తిరిగింది. ఆమె గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు.

"పదిసార్లు చెప్పిన సార్! తెరిసి చూడున్రి, తెరిసి చూడున్రి అని. మీరు చదువుకున్నోళ్ళు, నేను ఊడ్వనీకె వచ్చినదాన్ని, నా మాట ఎవలింటరు? గడ్బడ్ ఉన్న కాగితం తెలిసిపోతది. మంచిగ కనవడేదే ముంచుతది!"

బుచ్చవ్వ మాత్రం ఏమీ అర్థం కానట్టు కాగితం వెనక్కు లాక్కుని మళ్ళీ కవర్లో పెట్టుకుంటోంది. వినోద ఆమె పక్కన కూర్చుని, "అవ్వా, నువ్వు యాడికి పోకు. నీ కాగితం మంచిగనే ఉన్నది. శుక్రారం దాక ఆగు," అంది.

బుచ్చవ్వ సంచి మళ్ళీ నడుముకు కట్టుకుంటూ, "చూస్తం తియ్యి," అని మాత్రం అంది.

గురువారం పొద్దున సాహెబ్ గదిలో పెద్ద వాదన. నలభై మూడింటినీ మళ్ళీ చూడడానికి ఆయన ఒప్పుకున్నాడు. వినోద నూట అరవై తొమ్మిదీ చూడాలంది. ఆయనకు మండింది.

"మనకు లాభమైన తప్పును మనమే వెతికి బయటపెడతామా, వినోదబెన్?"

"ఆఫీసరుకు ఒక్కటి దొరికితె చాలు సాబ్, మిగిలినోళ్ళ కాగితాలు గూడ నమ్మడు. బుచ్చవ్వది గూడ నమ్మడు."

సాహెబ్ గోడ గడియారం చూశాడు, నన్ను చూశాడు. "రాజుభాయ్, నువ్వు కూర్చో ఆమె పక్కన," అన్నాడు. ఆ 'కూర్చో'లో ఎంత చేదుందో నాకు తెలుసు.

ఒక్కో ఇంటికి అన్నిటికంటే పాత కాగితం ఒక్కటే తీసుకున్నాం. వినోద అసలు కాగితమో బొమ్మో పైకి చదువుతుంది. నేను విన్నది రాస్తాను. తర్వాత అట్ట తీసి పట్టికతో పోలుస్తాను. పన్ను సంవత్సరం, తారీఖు కలుస్తాయా చూస్తాం. మొత్తాలు కూడి చూస్తాం. బొమ్మ బాగాలేకపోతే ఫోన్ చేసి అసలు తెప్పిస్తాం. గోడాదరా నుంచి మనుషులు బి.ఆర్.టి.ఎస్. బస్సులెక్కి కవర్లు పట్టుకొచ్చారు. మధ్యాహ్నానికి నా మెడ పట్టేసింది, కళ్ళు మంటలు. ఇంత పని ఈమె పదిహేనేళ్ళుగా చేస్తుంటే నేను చాదస్తం అన్నాను.

సాయంత్రానికి నలభై మూడులో తొమ్మిది ఇళ్ళు గడువు లోపలికి వచ్చాయి. తొమ్మిదింటిలోనూ అదే తప్పు, గుజరాతీ ఒకటి ఇంగ్లీషు తొమ్మిదైంది. నూట అరవై తొమ్మిదిలో ఒకటి బయటికి పోయింది. పైగీత మాసిపోయిన ఇంగ్లీషు ఏడును మిషన్ ఒకటిగా చదివింది, 2007 కాస్తా 2001 అయింది. ఆ ఇంటాయనకు వినోదే ఫోన్ చేసి చెప్పింది. ఆయన తిట్టిన తిట్లు నాక్కూడా వినబడ్డాయి. ఆమె ఫోన్ పెట్టేసి, మొహం తుడుచుకుని, "తర్వాతిది చదువుతున్న, రాసుకోన్రి," అంది.

శుక్రవారం హియరింగ్‌లో ఆఫీసరు బుచ్చవ్వ బిల్లు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ సంవత్సరం పన్ను రిజిస్టరు తెప్పించాడు. రిజిస్టర్లో ఆమె మొగుడి పేరూ, అదే ఇంటి నంబరూ, అదే తారీఖూ ఉన్నాయి. తొమ్మిదిమందినీ చేర్చుకున్నాడు. మొదట వేరే జాబితా ఎందుకు తయారైందని అడిగితే, మా సాహెబ్ "మిషన్ పొరపాటు సర్" అన్నాడు. నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. నోరు మెదపలేదు. మిషన్ చదివింది, నిజమే. సంతకం మిషన్ పెట్టలేదు.

ఆఫీసుకు తిరిగొచ్చాక సాహెబ్ లడ్డూలు తెప్పించాడు. మా నితిన్ అంకెల సెట్టింగు మార్చాననీ, ఇక భయం లేదనీ అన్నాడు. "బస్, తర్వాతి కేసుకు మళ్ళీ ఎర్రవి చూసుకుంటే చాలు," అని సాహెబ్ తృప్తిగా నవ్వాడు. వినోద లడ్డూ ముట్టుకోకుండా స్కానర్ దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు ఆ లడ్డూ తీసి గోడకేసి కొట్టాలనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సంగతి అలా ఉంచండి, వీళ్ళకు చేతులు కాలినట్టే తెలియలేదు.

శనివారం నేనే గోడాదరా వెళ్ళాను. కబురు ఫోన్లో చెప్పించవచ్చు. కానీ చెడ్డ కబురు చదివింది నేను కాబట్టి మంచి కబురు కూడా నేనే చెప్పాలనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆవిడ మొహంలో సంతోషం చూసి నా మనసు తేలిక చేసుకోవాలనుకున్నాను.

ఖాడీ ఒడ్డున ఆమె గది వెతికి పట్టుకున్నాను. తలుపు తీసే ఉంది. లోపలికి అడుగుపెట్టి పైకి చూశాను. పైన ఆకాశం ఉంది. నాలుగు గోడలున్నాయి, కప్పు లేదు. బుచ్చవ్వ ఒక మూల స్టవ్ మీద అన్నం వండుతోంది, నెత్తిన కొంగు కప్పుకుని.

"రేకులేవమ్మా?" అన్నాను.

"అమ్మిన గద సార్. మంగళారమే అమ్మిన. మీరే చెప్తిరి ఖాళీ చేసుకోమని. జెసిబి వచ్చినంక రేకులు గూడ దక్కయని అందరన్నరు. పాత సామాన్లు కొనే కబాడీ ఆయన వచ్చి ఇప్పుకపోయిండు."

బుధవారం ఆమె మా బెంచీమీద కూర్చున్నప్పటికే ఈ కప్పు లేదన్నమాట. మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. ఫ్లాటు చేతికొచ్చేసరికి ఎన్ని నెలలవుతుందో. పడమటి నుంచి మబ్బు పట్టడం అప్పటికే మొదలైంది.

కబురు చెప్పాను. మీ పేరు జాబితాలోకి వచ్చింది, ఫ్లాటు ఇస్తారు అన్నాను. ఆమె గరిటె పక్కన పెట్టింది.

"ఈసారి ఎవలు చూసిన్రు? వినోద చూసిందా?"

"వినోదే చూసిందమ్మా."

"అయితె సరే." మెతుకు పట్టి చూసి స్టవ్ ఆపింది. "మరి మొదలు ఎవలు చూసిన్రు?"

మిషన్ అనడానికి నోరు తెరిచాను. సాహెబ్ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ నన్నే చూస్తోంది.

"ఎవరూ చూడలేదమ్మా," అన్నాను. "చూశామని సంతకం పెట్టింది నేను."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొంగుతో చెమట తుడుచుకుని, ఉన్న ఒక్క పీట నా వైపు జరిపింది.

"కూసో సార్. ఎండల నిలవడ్డవు, నీడకు కూసో," అని, చుట్టూ చూసి, తనకే గుర్తొచ్చినట్టు మాట ఆపేసింది.